దొడ్డికాళ్ళూ ముట్టికాళ్ళూ

మన తెలుగులో ఈ రెండింటికీ చక్కటి పేర్లున్నాయి. చీలమండలు కలిపి నిలబెడితే మోకాళ్ళ మధ్య సందు కనిపిస్తే అవి దొడ్డికాళ్ళు. మోకాళ్ళు ఒకదాన్నొకటి ముట్టుకుని, చీలమండలు ఎడంగా ఉండిపోతే ముట్టికాళ్ళు. ఇంత మంచి మాటలుండి కూడా ఇప్పుడందరం రెంటినీ కలిపి "వంకర కాళ్ళు" అనేస్తున్నాం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఎందుకంటే ఏ వయసులో ఏ వంకర అన్నదే అసలు ప్రశ్న. ఏడాది బిడ్డకు దొడ్డికాళ్ళుంటే అది మామూలు, అదే మూడేళ్ళు నిండిన బిడ్డకుంటే చూపించాలి. నాలుగేళ్ళ పిల్లకు ముట్టికాళ్ళుంటే మామూలు, పదేళ్ళ పిల్లకుంటే చూపించాలి.

నా పుట్టిల్లు కనిగిరి దగ్గర. వంకర కాళ్ళంటే మా వైపు వాళ్ళకు గుండె జారిపోతుంది. బావి నీళ్ళలో ఫ్లోరైడు వల్ల ఎముకలు పాడవుతాయని మన దేశంలో డాక్టర్లు మొదటిసారి రాసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న మా ప్రాంతం గురించే. ఆ తరవాత 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరైడు ప్రాంతాల కుర్రవాళ్ళలో కనిపిస్తున్న ముట్టికాళ్ళ గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. నల్గొండ జిల్లా గుర్తుకొచ్చేది ఆ కాళ్ళతోనే. నా చిన్నప్పుడు మా వీధిలోనూ మోకాళ్ళు రాసుకుంటూ నడిచే ఒక అన్న ఉండేవాడు. అతణ్ణి చూస్తూ పెరిగిన మాకు, ఏ పిల్లకు మోకాళ్ళు లోపలికి వంగినా "నీళ్ళేనా?" అని మొదట ఆ భయమే వస్తుంది.

ఇక్కడ అరకులో మేముండబట్టి పద్నాలుగేళ్ళు దాటింది. 2022 వేసవిలో మా చెల్లెలు కూతుర్ని తీసుకుని చల్లగా ఉంటుందని వచ్చింది. పిల్లకు అప్పటికి నాలుగేళ్ళ మూడు నెలలు. బుజ్జి అంటాం. అది పరిగెడుతుంటే మోకాళ్ళు రెండూ టకటకా కొట్టుకునేవి, పాదాలు పక్కలకు విసిరినట్టు పోయేవి, పది అడుగులకోసారి పడేది. "అక్కా, రెండేళ్ళప్పుడు దీని కాళ్ళు కర్రల్లా తిన్నగా ఉండేవి. ఇప్పుడిలా అయ్యాయి. నీళ్ళ వల్లేనంటావా?" అని చెల్లెలు రాత్రిళ్ళు నిద్రపోయేది కాదు.

మా ఇంటి పనిలో సాయానికి వచ్చే అమ్మాయిది డుంబ్రిగూడ వైపు చిన్న ఊరు. ఆమె తన చంటివాణ్ణి వెంట తెచ్చుకునేది. వాడికి రెండేళ్ళ ఏడు నెలలు. వాడివి దొడ్డికాళ్ళు. నిలబడితే రెండు కాళ్ళ మధ్య గుండ్రంగా సందు. బుజ్జిని చూసి బెంగపడిన వాళ్ళందరూ వీణ్ణి చూసి నవ్వేవారు. "నూనె పెట్టి రుద్దు, సరవుతాయి" అన్నారు ఒకరు. "చంకన వేసుకుని తిప్పుతావు, అందుకే" అన్నారు ఇంకొకరు. కానీ డాక్టర్ల దగ్గర ఇద్దరి విషయమూ తలకిందులైంది. బుజ్జికి ఏమీ లేదు. ఆ చంటివాడికి జబ్బు.

అదెలాగో తెలియాలంటే పిల్లల కాళ్ళు నడిచే దారి ఒకసారి చూడాలి. ఫిన్లండులో సలేనియస్, వాంకా అనే ఇద్దరు 1975లో వందలమంది పిల్లల ఎక్స్‌రేలు తీసి, వయసుతోపాటు మోకాలి వంపు ఎలా మారుతుందో గీసి చూపించారు. ఇప్పటికీ డాక్టర్లు ఆ గీతనే మనసులో పెట్టుకుంటారు. బిడ్డ కడుపులో ముడుచుకుని ఉంటాడు కనుక పుట్టేటప్పటికి కాళ్ళు బయటికి వంగి ఉంటాయి. నడక నేర్చిన కొత్తలో అది ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. ఏడాదిన్నర, రెండేళ్ళ మధ్య కాళ్ళు తిన్నగా అవుతాయి. మనం "హమ్మయ్య" అనుకునేలోపు అక్కడ ఆగకుండా లోపలికి వంగడం మొదలుపెడతాయి. మూడు, నాలుగేళ్ళ మధ్య ఆ ముట్టికాళ్ళు బాగా కనిపిస్తాయి. తరవాత మెల్లగా తగ్గుతూ ఏడేళ్ళకల్లా పెద్దవాళ్ళలో ఉండే కొద్దిపాటి వంపు దగ్గర స్థిరపడతాయి. అవును, మనందరి మోకాళ్ళూ కొద్దిగా లోపలికే ఉంటాయి. పూర్తిగా గీత గీసినట్టు ఉండవు.

అంటే మా చెల్లెలు "రెండేళ్ళప్పుడు తిన్నగా ఉండేవి, ఇప్పుడిలా అయ్యాయి" అని ఏ మాట చెప్పి ఏడ్చిందో, ఆ మాటే పిల్ల సరైన దారిలో ఉందనడానికి గుర్తు. చంటివాడి తల్లి మాట వేరు. "ఏడాదప్పుడు కొంచెమే ఉండేది అక్కా, ఇప్పుడు ఎక్కువైంది" అంది. తగ్గుతూ రావలసిన వయసులో పెరుగుతూ వస్తోంది. నన్ను కూర్చోబెట్టి ఆలోచింపజేసింది ఆ మాటే.

బుజ్జిని విశాఖలో పిల్లల ఎముకల డాక్టరు చూశారు. ఆయన కొలిచిన పద్ధతి మీరూ ఇంట్లో చేయవచ్చు కనుక వివరంగా చెబుతాను. పిల్లను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు చాపించాలి. మోకాలిచిప్పలు రెండూ పైకప్పు వైపు చూడాలి. ఇది ముఖ్యం. చిప్పలు పక్కకు తిరిగి ఉంటే తిన్నటి కాలు కూడా వంకరగా కనిపిస్తుంది. మోకాళ్ళు ఊరికే తాకేట్టు దగ్గరకు తేవాలి, నొక్కకూడదు. అప్పుడు లోపలి చీలమండ ఎముకల మధ్య టేపు పెట్టాలి. బుజ్జికి 5 సెంటీమీటర్లు వచ్చింది. ఈ వయసులో 8 దాకా మామూలే అన్నారు. దొడ్డికాళ్ళకైతే తిరగేసి కొలవాలి. చీలమండలు తాకించి మోకాళ్ళ మధ్య సందు చూడాలి, అది 6 దాటితే చూపించాలి. టేపు లేకపోతే వేళ్ళు చాలు. మీ వేళ్ళ వెడల్పు ఒకసారి స్కేలు మీద పెట్టి చూసుకోండి. నాకు మూడు వేళ్ళు 5 సెంటీమీటర్లు, నాలుగు వేళ్ళు 7.

అయితే కొలతకంటే ముందు ఆయన చూసింది రెండు కాళ్ళూ ఒకేలా ఉన్నాయా అని. ఉన్నాయి. ఎత్తు వయసుకు తగ్గట్టు ఉందా? ఉంది. నొప్పి అంటుందా, కుంటుతుందా? లేదు. ఎక్స్‌రే కూడా వద్దన్నారు. ఏ నీళ్ళు తాగిస్తున్నారని అడిగి, ఫ్లోరైడు వల్ల కాళ్ళు వంగడమన్నది ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగాక, ఎక్కువగా పదేళ్ళు దాటి ఎదిగే వయసులో బయటపడుతుందని చెప్పారు. ఫ్లోరైడు మచ్చలు వెదకాల్సింది కూడా ఆరేళ్ళ తరవాత వచ్చే శాశ్వత పళ్ళ మీద. నాలుగేళ్ళ పిల్ల పాలపళ్ళు చూసి ఏమీ తేల్చలేం. "శుభ్రమైన నీళ్ళు తాగించండి, పాలు, రాగులు పెట్టండి. ఆరు నెలలకోసారి ఇలాగే కొలిచి రాసుకోండి. ఏడేళ్ళు దాటాక కూడా తగ్గకపోతే రండి" అన్నారు. బూట్లు, బెల్టులు, కట్లు ఏవీ రాయలేదు. ఈ వయసు ముట్టికాళ్ళను అవేమీ తొందరగా సరిచేయవట. మా చెల్లెలు అప్పటికే ఆన్‌లైన్‌లో ఏవో బూట్లు చూసి పెట్టుకుంది, వెయ్యి రూపాయలు మిగిలాయి.

ఇక చంటివాడి సంగతి. వాడి మోకాళ్ళ మధ్య నా నాలుగు వేళ్ళు నిండుగా పట్టాయి. అంతకంటే నన్ను భయపెట్టింది మణికట్టు. చెయ్యి సన్నగా ఉండి, మణికట్టు దగ్గర మాత్రం వాచినట్టు లావుగా ఉంది. నొక్కితే నొప్పి లేదు, మెత్తనా లేదు, ఎముకే వెడల్పు. చీలమండ దగ్గర చర్మం కింద రెండు గుబ్బల్లా కనిపించాయి. చొక్కా విప్పితే ఛాతీకి రెండు పక్కలా, పక్కటెముకలు ముందుకొచ్చి కలిసే చోట, పూసలు గుచ్చినట్టు చిన్న చిన్న ఉబ్బులు. నడక పంతొమ్మిదో నెలలో వచ్చింది. అంగన్‌వాడీ కార్డులో ఎత్తు గీత కింద ఉండిపోయింది. పరిగెత్తమంటే రెండు అడుగులేసి కూర్చునేవాడు. వీటిలో ఏ ఒక్కటీ బుజ్జికి లేదు.

వాడు పుట్టింది 2019 అక్టోబరులో. ఇక్కడి చలికాలం మీకు తెలిసిందే, పొద్దెక్కే దాకా మంచు. పసివాణ్ణి దుప్పట్లో చుట్టి ఇంట్లోనే ఉంచారు. ఆ చలి పోయి వాణ్ణి బయటికి తిప్పే రోజులు వచ్చేసరికి కరోనా వచ్చి పడింది. అంగన్‌వాడీ మూతపడింది. రెండేళ్ళు దగ్గరపడేదాకా తల్లి పాలు, మెత్తటి అన్నం, చారు, అంతే. తల్లి పాలు అన్నిటికన్నా మంచివే, కానీ వాటిలో విటమిన్ డి చాలా తక్కువ. అందుకే పుట్టినప్పటి నుంచి ఏడాది దాకా రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేయమని పిల్లల డాక్టర్లు చెబుతారు. వాడికి ఎవరూ వేయలేదు. అన్నంలో కాల్షియం దాదాపు లేదు. వాళ్ళ పొలంలో పండే చోళ్ళలోనేమో 100 గ్రాములకు దాదాపు 350 మిల్లీగ్రాములుంటుంది. రేషను బియ్యం వచ్చాక ఆ ఇంట్లో పిల్లలకు చోడి అంబలి పోయడం మానేశారు. ముసలివాళ్ళు మాత్రం ఇప్పటికీ పొద్దున్నే అదే తాగి పొలానికి పోతారు.

సంతలో మందులమ్మే ఒకాయన ఆరు లక్షల యూనిట్ల విటమిన్ డి ఇంజక్షను ఒకటి చేయించి, పదిహేను రోజులకు మళ్ళీ ఒకటి చేయిస్తే చాలన్నాడట. నేను వద్దన్నాను. విటమిన్ డి నీళ్ళలో కరిగి పోయేది కాదు, ఒంట్లో నిల్వ ఉంటుంది. పరీక్ష లేకుండా పెద్ద మోతాదు మళ్ళీ మళ్ళీ పోతే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, చివరికి మూత్రపిండాల దాకా చేటు. పైగా అన్ని రికెట్సూ విటమిన్ డి తక్కువై వచ్చేవి కావు.

ఏరియా ఆసుపత్రిలో చూసి విశాఖ కేజీహెచ్‌కు రాశారు. కిరండూల్ రైలెక్కి వెళ్ళారు. మణికట్టుకు, మోకాళ్ళకు ఎక్స్‌రే తీశారు. రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి, మూత్రపిండాల పనితీరు చూశారు. ఆ ఎక్స్‌రే ఫిల్మును ఆమె నాకు తెచ్చి చూపించింది. ఎదిగే పిల్లల ఎముక చివర, గ్రోత్ ప్లేటు పక్కన, అంచు కత్తితో కోసినట్టు నున్నగా ఉండాలి. వీడిది చేటలా గుంటపడి, పాత కుంచె కొసలా చీలికలు చీలికలుగా ఉంది. కొత్తగా ఏర్పడే ఎముకకు సున్నం అందక మెత్తగా ఉండిపోయిందన్నమాట. ఆ మెత్తటి ఎముక మీద బరువు మోపి నడిస్తే వంగక ఏం చేస్తుంది? నడవడం తప్పు కాదు, చంకన వేసుకోవడమూ తప్పు కాదు.

డాక్టరు పన్నెండు వారాలపాటు రోజూ విటమిన్ డి చుక్కలు, దాంతోపాటు రోజుకు 500 మిల్లీగ్రాముల కాల్షియం రాశారు. కాల్షియం లేకుండా విటమిన్ డి ఒక్కటే ఇస్తే పని సగమే అవుతుందట. మూడు నెలలకు మళ్ళీ ఎక్స్‌రే. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, మందు అయిపోయింది, పిల్లాడు హుషారుగా ఉన్నాడు, మళ్ళీ నూట పదిహేను కిలోమీటర్లు ఎందుకని. కానీ ఆ రెండో ఎక్స్‌రే అసలైన పరీక్ష. చీలిన అంచు దగ్గర తెల్లటి కొత్త గీత కనిపిస్తే మందు పట్టిందని. కనిపించకపోతే మూత్రంలో ఫాస్ఫేటు కారిపోయే వంశపారంపర్య రకమో, మూత్రపిండాల జబ్బో అని వెదకాలి. వాటికి ఎంత విటమిన్ డి పోసినా లాభం లేదు, వైద్యమే వేరు. వీడికి ఆ తెల్ల గీత వచ్చింది. ఆమెకు ఎక్స్‌రే చదవడం రాదు గానీ, ఇంటికొచ్చి "గీత పడిందక్కా" అంది, నామకరణం చేసినంత సంబరంగా.

గీత పడ్డంత మాత్రాన కాళ్ళు మర్నాడే తిన్నగా అవవు. ఎముక గట్టిపడ్డాక, పిల్లాడు ఎదిగేకొద్దీ ఆ వంపు ఎదుగుదలతోనే పోతుంది, దానికి ఏడాది, రెండేళ్ళు పడుతుంది. 2022 మేలో 7 సెంటీమీటర్లు. నవంబరుకు 5. మరుసటి మేకు 3. ఆ రెండేళ్ళూ అంగన్‌వాడీ పాలు, గుడ్డు, ఇంట్లో చోడి అంబలి, ఎండ పైకొచ్చాక చొక్కా లేకుండా పెరట్లో కాసేపు. పొద్దున్నే లేత ఎండలో దుప్పటి కప్పి కూర్చోబెడితే చర్మంలో విటమిన్ డి తయారు కాదు. మనకు ఇష్టమైనది లేత ఎండ, దానికి కావలసినది నెత్తి మీది ఎండ.

ఇక్కడొక మాట పక్కన పెట్టి చెప్పాలి. రెండు కాళ్ళూ కలిసి వంగితే కాస్త ఆగి చూడవచ్చు, ఒక్క కాలే వంగితే ఏ వయసులోనైనా ఆగకూడదు. పాత దెబ్బ గ్రోత్ ప్లేటుకు తగిలి ఉండవచ్చు, ఎముకలో చీము పట్టి ఉండవచ్చు. బ్లౌంట్ అనే జబ్బు ఒకటుంది. బొద్దుగా ఉండి ఏడాదిలోపే నడిచేసిన పిల్లల్లో ఎక్కువ. మోకాలి కిందే చటుక్కున విరిగినట్టు వంపు ఉంటుంది, అడుగు వేసినప్పుడల్లా మోకాలు బయటికి తూలుతుంది. అది వయసుతో తగ్గదు, పెరుగుతుంది. నాలుగేళ్ళలోపు సరిచేస్తే ఫలితం బాగుంటుంది.

పెద్ద పిల్లల ముట్టికాళ్ళలోనూ కాలానిదే లెక్క. పదేళ్ళు దాటినా వంపు ఎక్కువగా ఉండి, మోకాలు నొప్పి పెడుతుంటే చిన్న ఆపరేషను ఉంది. మోకాలి లోపలి వైపు గ్రోత్ ప్లేటు మీద రెండు మరల చిన్న ప్లేటు బిగిస్తారు. ఆ వైపు ఎదుగుదల నెమ్మదిస్తుంది, బయటి వైపు ఎదుగుతూనే ఉంటుంది, అలా కాలు తనంతట తానే తిన్నగా అవుతుంది. తరవాత ప్లేటు తీసేస్తారు. కానీ ఇది పిల్ల ఇంకా ఎదుగుతుండగానే చేయాలి. ఆడపిల్లల్లో పద్నాలుగు దగ్గర, మగపిల్లల్లో పదహారు దగ్గర ఎదుగుదల ముగిసిపోతుంది. అప్పుడిక ఎముక కోసి సరిచేయడమే. మా వీధి అన్నకు చూపించే వేళకు ఇరవై దాటాయి.

బడికి, అంగన్‌వాడీకి వచ్చే ఆర్‌బీఎస్‌కే బృందం చూడాల్సిన జాబితాలో రికెట్స్ ఉంది. 2013 నుంచి ఉన్న పథకం అది, పద్దెనిమిదేళ్ళ వరకూ చూస్తారు. వాళ్ళు వచ్చిన రోజు పిల్లాణ్ణి బడి మాన్పించకుండా పంపి, "మణికట్టు ఒకసారి చూడండి" అని మనమే అడిగితే నిమిషం పట్టదు.

బుజ్జి పుస్తకంలో మా చెల్లెలు రాసిన అంకెలు ఇవి. నాలుగేళ్ళ మూడు నెలలకు 5, ఐదు నిండేసరికి నాలుగున్నర, ఆరుకు 3, ఏడుకు 2. ఇప్పుడు పరుగుపందెంలో పడకుండా పరిగెడుతోంది.

చంటివాడు నాలుగున్నరేళ్ళకు, 2024 వేసవిలో, అంగన్‌వాడీ నుంచి పరిగెత్తుతూ వచ్చి వాళ్ళమ్మ కొంగు పట్టుకుంటే, ఆమె వాడి కాళ్ళ వైపు చూసి నీరుగారిపోయింది. మోకాళ్ళు తాకుతున్నాయి, చీలమండల మధ్య రెండు వేళ్ళ సందు. "అక్కా, అటు పోయి ఇటు వచ్చిందేంటి?" అంది. మణికట్టు చూశాను, సన్నగా ఉంది. కార్డులో ఎత్తు గీత ఎక్కింది. రెండు కాళ్ళూ సమానంగా ఉన్నాయి. "ఇది జబ్బు కాదే, వీడి వయసు. రెండేళ్ళు ఆలస్యంగా బుజ్జి దారిలోకి వచ్చాడు" అన్నాను.